మూడు బ్యానర్ డ్రాఫ్టులు వచ్చాక డిజైనర్‌కి కారణాలతో ర్యాంకింగ్ మెసేజ్ రాయడం ఎలా?

దసరా దగ్గర పడుతోందంటే విజయనగరంలో షాపుల వాళ్లు నన్ను పదే పదే అడిగేది ఒకటే. "డిజైనర్ మూడు డ్రాఫ్టులు పంపాడు. ఏది నచ్చిందో తెలుస్తోంది గానీ, అతనికి ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఏం చెప్పినా ఇంకోలా చేసి పంపుతున్నాడు."

నేను ఫ్లెక్సీ డిజైన్ పనిలోనే ఉన్నాను కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను. "రెండోది ఓకే" అన్న మాటతో మాకు ఏది నచ్చిందో తెలుస్తుంది, ఎందుకు నచ్చిందో తెలియదు. ఆ ఎందుకు తెలియకపోతే, తర్వాత మీరు చిన్న మార్పు అడిగినప్పుడు మీకు నచ్చిన అంశాన్నే మేం తీసేసే ప్రమాదం ఉంది. అక్షరాలు పెద్దగా ఉన్నాయని మీరు ఆ డ్రాఫ్ట్ ఎంచుకున్నారనుకోండి. ఫోటో పెద్దది చేయమన్నప్పుడు మేం ముందుగా చిన్నవి చేసేది ఆ అక్షరాలనే.

అందుకే మూడింటికీ ర్యాంకు ఇవ్వాలి, ప్రతి ర్యాంకుకీ కారణం రాయాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో చూద్దాం. గంటస్తంభం దగ్గర ఒక బట్టల షాపు అనుకుందాం. రోజువారీ కాటన్ చీరలు, పిల్లల బట్టలు అమ్ముతారు. షట్టర్ పైన 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కట్టాలి.

## 1. డ్రాఫ్టులు చూసే ముందే రాసుకోవాల్సిన మూడు మాటలు

డ్రాఫ్టులు చూశాక కారణాలు వెతికితే, కంటికి ముందు నచ్చిన దానికే కారణాలు దొరుకుతాయి. కాబట్టి ఫోన్‌లో ఫోటోలు తెరవకముందే ఒక కాగితం మీద ఈ మూడూ రాసుకోండి.

ఎవరు చూస్తారు, ఎంత దూరం నుంచి? షాపు ముందు నిలబడి ఊహించుకుంటే సరిపోదు. రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి చూడండి. మన ఉదాహరణలో అది దాదాపు 40 అడుగులు. ఎక్కువ మంది బండి మీదో, ఆటోలోనో పోతూ చూస్తారు.

చూసినవాళ్లు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే అది ఏది కావాలి? షాపు పేరా, ధరా, కొత్త సరుకు వచ్చిందన్న సంగతా? ఇక్కడ చాలామంది మూడూ కావాలంటారు. మూడూ ఉండొచ్చు, కానీ వరస ఉండాలి. మన షాపు పాతది, చుట్టుపక్కల వాళ్లకి పేరు తెలుసు. కాబట్టి ముందు "కాటన్ చీరలు 299 రూపాయల నుంచి" అన్నది, తర్వాత షాపు పేరు, ఆ తర్వాత పండగ.

ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉంటుంది? విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు వీధి నిండా జనం ఉంటారు గానీ, కొత్త బట్టల కొనుగోళ్లు చాలావరకు అంతకు ముందే అవుతాయి. అందుకే ఈ బ్యానర్ ముందుగా పనికిరావాల్సింది పండగ ముందు రెండు మూడు వారాల్లో వీధిలో తిరిగే వాళ్లకి. ఇది తేల్చుకోకపోతే పండగ బొమ్మలు ఎక్కువున్న డ్రాఫ్టుకే మొగ్గుతాం.

ఇంకొక పని. బ్యానర్ కట్టే చోటుని రోడ్డు అవతల నుంచి ఫోటో తీయండి. కరెంటు స్తంభం, తీగలు, పక్క షాపు బోర్డు అన్నీ అందులో కనిపించాలి. డిజైనర్ మీ వీధిని చూసి ఉండకపోవచ్చు. ఈ ఒక్క ఫోటో వల్ల చాలా మాటలు ఆదా అవుతాయి.

## 2. డ్రాఫ్టులని సరిగ్గా చూడటం

కౌంటర్ దగ్గర కూర్చుని, ఫోన్‌ని కళ్ల ముందు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి చూస్తే ఏ డ్రాఫ్టయినా బాగానే ఉంటుంది. వీధిలో ఎవరూ అలా చూడరు. ఈ నాలుగు పరీక్షలకి పది నిమిషాలు చాలు.

మూర దూరం పరీక్ష. ఫోన్‌ని అడ్డంగా తిప్పి, డ్రాఫ్ట్ స్క్రీన్ వెడల్పంతా వచ్చేలా పెట్టండి. కంటికి ఒక మూర దూరంలో పట్టుకోండి. మామూలు సైజు ఫోన్‌లో అప్పుడు కనిపించేది, 12 అడుగుల ఫ్లెక్సీని 40 అడుగుల దూరం నుంచి చూసినప్పటి పరిమాణంలో ఉంటుంది. ఫోన్‌ని గోడకి ఆనించి రెండు మూరల దూరం నుంచి చూస్తే 80 అడుగుల లెక్క. జూమ్ చేయకూడదు. అలా చూసినప్పుడు చదవలేని ముక్క వీధిలో కూడా చదవలేం.

మూడు సెకన్ల పరీక్ష. ఈ గొడవేమీ తెలియని మనిషికి, అంటే పక్క టీ కొట్టు అబ్బాయికో, సరుకు దించడానికొచ్చిన ఆటో డ్రైవర్‌కో డ్రాఫ్ట్ చూపించి, "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఫోన్ తిప్పేయండి. "ఏం చూశావు?" అని అడగండి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. బాగుందా అంటే ఎవరైనా బాగుందనే అంటారు. మొదట ఏ మాట చెప్పారో అది రాసుకోండి. మీరు కాగితం మీద రాసిన మొదటి మాట అదేనా కాదా అన్నదే ఫలితం.

నలుపు తెలుపు పరీక్ష. ఫోన్ గ్యాలరీలో ఎడిట్ నొక్కి, ఫిల్టర్లలో నలుపు తెలుపు పెట్టి చూడండి. అక్షరాలు వెనక రంగులో కలిసిపోతే, రంగులో ఎంత మెరిసినా ఎండలో కనపడవు. ఫోన్ స్క్రీన్ తనంతట తానే వెలుగుతుంది, ఫ్లెక్సీ వెలగదు. ఆ తేడాకి ముందు నష్టపోయేది ముదురు మీద ముదురు, లేత మీద లేత ఉన్న అక్షరాలే.

అక్షరం ఎత్తు లెక్క. ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తుంటే హాయిగా చదవొచ్చని ఈ పనిలో ఉన్నవాళ్లు వేసుకునే లెక్క. 40 అడుగులకి నాలుగు అంగుళాలు. తెలుగులో వత్తులు, గుడులు కలపకుండా అక్షరం ఒళ్లు ఒక్కటే కొలవాలి. బ్యానర్ 4 అడుగులు, అంటే 48 అంగుళాలు. ఒక అక్షరాన్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే బ్యానర్ ఎత్తులో 12 పడితే, దాని ఎత్తు నాలుగు అంగుళాలు. 24 పడుతున్నాయంటే రెండే అంగుళాలు, రోడ్డు అవతల నుంచి కష్టం. ఫోన్ నంబర్‌కి ఈ పట్టింపు అక్కర్లేదు, దాన్ని దగ్గరకొచ్చిన వాళ్లు చూసుకుంటారు.

## 3. మన ఉదాహరణలో మూడు డ్రాఫ్టులూ ఇలా ఉన్నాయి

ఎర్ర డ్రాఫ్ట్. ముదురు మెరూన్ రంగు మీద బంగారు రంగు అక్షరాలు. ఎడమవైపు మూడో వంతు అమ్మవారి ఫోటో. మధ్యలో షాపు పేరు చాలా పెద్దగా. పైన మామిడాకుల తోరణం. ధర కింద పట్టీలో ఉంది, పేర్చి చూస్తే 24 అక్షరాలు పడుతున్నాయి.

పసుపు డ్రాఫ్ట్. పసుపు మీద ముదురు నీలం అక్షరాలు. ఎడమ నుంచి మధ్య దాకా చీరల ధర, అక్షరం ఎత్తు దాదాపు పది అంగుళాలు. మడతపెట్టిన చీరల దొంతర ఫోటో ఒకటి. షాపు పేరు కుడి చివర, ఆరు అంగుళాలు. పండగ మాట పైన చిన్నగా.

ఫోటోల డ్రాఫ్ట్. పట్టుచీరల్లో ఆరుగురు మోడళ్ల ఫోటోలు. వాటి మీద తెల్లటి అక్షరాలు. చూడగానే పెద్ద షోరూం బోర్డులా ఉంది.

ఇంట్లో అందరికీ మొదట నచ్చింది ఫోటోల డ్రాఫ్టే అనుకుందాం. అది సహజం. మనుషుల ముఖాలు ఉన్న చోటికే ఎవరి కళ్లయినా ముందు వెళ్తాయి. కానీ పరీక్షల్లో ఏమైందో చూడండి. మూడు సెకన్లలో టీ కొట్టు అబ్బాయి "పట్టుచీరలు, పెళ్లి షాపింగ్" అన్నాడు. మనం అమ్మేది అది కాదు. నలుపు తెలుపులో తెల్ల అక్షరాలు లేత చీరల మీద మాయమయ్యాయి.

ఎర్రదానిలో "అమ్మవారు, షాపు పేరు" అన్నాడు. ధర సంగతి చెప్పలేదు. పసుపుదానిలో "చీరలు 299" అన్నాడు, షాపు పేరు అడిగితే మళ్లీ చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు ర్యాంకులు వాటంతట అవే తేలాయి. పసుపు, ఎరుపు, ఫోటోలు.

## 4. మెసేజ్ రాసే వరస

నేనైతే ఈ వరస మార్చను, ఎందుకంటే డిజైనర్ పనిచేసే వరస కూడా ఇదే.

1. మొదటి వాక్యంలోనే ర్యాంకులు. మూడింటినీ రంగుతోనో, బొమ్మతోనో పేరు పెట్టి పిలవాలి.
2. మీరు దేన్ని బట్టి తేల్చారో రెండు వాక్యాలు.
3. మొదటిది ఎందుకు మొదటిది. అందులో కదపకూడనిది ఏది.
4. రెండోది ఎందుకు ఆగిపోయింది. అందులోంచి తీసుకోదగ్గది, ఉంటే ఒక్కటి.
5. మూడోది ఎందుకు వద్దు. కారణం పని గురించి ఉండాలి, డిజైనర్ గురించి కాదు.
6. మొదటి దానిలో చేయాల్సిన మార్పులు, నంబర్లతో.
7. అతని అభిప్రాయానికి చోటు, మళ్లీ ఎప్పటికి కావాలో తేదీ.

మూడో అంశాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. బాగున్నదాని గురించి చెప్పేదేముంది అనుకుంటారు. నిజానికి డిజైనర్‌కి అన్నిటికంటే పనికొచ్చే వాక్యం అదే. "ధర అక్షరాలు ఈ సైజు తగ్గకూడదు" అని మీరు రాసి పెడితే, తర్వాత ఫోటో పెద్దది చేయాల్సి వచ్చినా అతను ఇంకో చోట జాగా వెతుక్కుంటాడు.

నాలుగో అంశంలో "ఒక్కటి" అని ఎందుకన్నానంటే, ఇక్కడే ఎక్కువ బ్యానర్లు పాడవుతాయి. దీని రంగు, దాని ఫోటో, ఇంకోదాని అక్షరాలు కలిపి నాలుగోది చేయమంటారు. ప్రతి డ్రాఫ్టులో ఒక అంశం పెద్దదిగా, మిగిలినవి దానికి లోబడి ఉంటాయి. మూడు డ్రాఫ్టుల్లోని మూడు పెద్ద అంశాలూ ఒకే చోటికి తెస్తే వాటిలో ఏదీ పెద్దగా ఉండదు. అరువు తెచ్చుకునేది అంచుల్లో ఇమిడిపోయేదై ఉండాలి. మన ఉదాహరణలో తోరణం అలాంటిది, అమ్మవారి ఫోటో అలాంటిది కాదు.

## 5. పూర్తి మెసేజ్

షాపు యజమాని తనకంటే చిన్నవాడైన డిజైనర్‌కి రాసినది. మీ డిజైనర్ పెద్దవారైతే "గారూ" అని పిలిచి, మీరు అని రాయండి. మిగతాది మారక్కర్లేదు.

> తమ్ముడూ, మూడు డ్రాఫ్టులూ రోడ్డు అవతల నుంచి చూసే దూరం లెక్కన చూశాను. నా వరస ఇది: 1. పసుపు, 2. ఎరుపు (అమ్మవారి ఫోటో ఉన్నది), 3. ఆరు ఫోటోలది.
>
> మన వీధిలో ఎక్కువమంది బండి మీద పోతూ చూస్తారు. వాళ్లకి ముందు చీరల ధర, తర్వాత షాపు పేరు, తర్వాత పండగ కనిపించాలి. దీన్ని బట్టే వరస పెట్టాను.
>
> పసుపు మొదటిది ఎందుకంటే, తెలియని మనిషికి మూడు సెకన్లు చూపిస్తే "చీరలు 299" అని చెప్పాడు. పసుపు మీద నీలం దూరానికి కూడా తేటగా ఉంది. ధర అక్షరాల సైజు, ఈ రెండు రంగులు మాత్రం ఏ మార్పు చేసినా కదపొద్దు.
>
> ఎరుపుది పండగ కళతో ఉంది, షాపు పేరు చక్కగా కనపడుతోంది. కానీ ధర కింద పట్టీలో రెండు అంగుళాలే ఉంది, అవతలి నుంచి చదవలేం. ముదురు మెరూన్ మీద బంగారు రంగు ఫోన్‌లో మెరుస్తోంది గానీ, ఫ్లెక్సీ మీద మట్టిరంగులోకి దిగుతుందేమో అని నా అనుమానం. అమ్మవారి ఫోటో వద్దు. పండగ అయ్యాక ఈ ఫ్లెక్సీ సరుకు మీద కప్పడానికి వాడతాం, అప్పుడు కాళ్ల కింద పడుతుంది. అందులోని మామిడాకుల తోరణం మాత్రం పసుపు దానికి పైన పెట్టు.
>
> ఫోటోలది నీట్‌గా ఉంది, కానీ మన దగ్గర లేని పట్టుచీరలు కనిపిస్తున్నాయి. వాటిని చూసి వచ్చినవాళ్లు అవే అడుగుతారు. 299 చీర కోసం వచ్చేవాళ్లు పెద్ద షోరూం అనుకుని లోపలికి రారు. దాన్ని పక్కన పెట్టేద్దాం.
>
> పసుపుదానిలో మార్పులు:
> 1. షాపు పేరు కుడి చివర నుంచి రెండు అడుగులు లోపలికి. అక్కడ కరెంటు స్తంభం అడ్డం వస్తుంది, ఫోటో పంపుతున్నాను చూడు.
> 2. షాపు పేరు ఇప్పుడు ఆరు అంగుళాలు ఉంది, ఎనిమిది చెయ్యి. జాగా కావాలంటే చీరల ఫోటో చిన్నది చెయ్యి.
> 3. 299 పక్కన "నుంచి" బాగా చిన్నగా ఉంది. నాలుగు అంగుళాలకి తగ్గకుండా పెట్టు.
> 4. మొదటి లైను వత్తులు రెండో లైనుకి తగులుతున్నాయి. మధ్యలో ఎడం ఇవ్వు.
>
> షాపు పేరు విషయంలో నీకు ఇంకో ఉపాయం ఉంటే చెప్పు. గురువారం సాయంత్రానికి ఒక్క డ్రాఫ్ట్ పంపితే చాలు.

## 6. ఈ మెసేజ్‌లో గమనించాల్సినవి

సరుకుని బట్టి చెప్పిన కారణాలు. "మన దగ్గర లేని పట్టుచీరలు కనిపిస్తున్నాయి" అన్న ఒక్క మాటతో డిజైనర్‌కి మీ వ్యాపారం సగం అర్థమవుతుంది. అతను ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలు పెట్టి ఉంటాడు. తర్వాత ఏ పండక్కి చేసినా మీ సరుకు ఫోటో అడిగి తీసుకుంటాడు. "అంత నచ్చలేదు" అని ఉంటే ఇంకో ఆరు ఫోటోలు మార్చి పంపేవాడు.

బంగారు రంగు. ఇది ప్రింట్ అనుభవం ఉన్నవాళ్లకి తెలిసిన విషయం. ఫ్లెక్సీ మెషీన్‌లో మామూలుగా బంగారు ఇంకు ఉండదు. నాలుగు రంగుల ఇంకులతోనే ఆ రంగు తెప్పించాలి. స్క్రీన్ మీద కనిపించే మెరుపు పసుపు, గోధుమ రంగుల కలయికగా దిగుతుంది. షాపు యజమాని దీన్ని "అనుమానం" అని రాయడం సరైన పద్ధతి. అది డిజైనర్ తేల్చాల్సిన విషయం కాబట్టి తీర్పులా కాకుండా సందేహంలా అడిగారు.

"నుంచి" అన్న ముక్క. చిన్న మార్పులా ఉంటుంది గానీ కౌంటర్ దగ్గర గొడవలన్నీ దీని వల్లే. 299 మాత్రమే కనిపిస్తే ఏ చీర పట్టుకున్నా 299 అనుకునే వస్తారు. వాళ్ల తప్పు లేదు, బోర్డు అలా చెప్పింది.

జాగా ఎక్కడి నుంచి తీయాలో చెప్పడం. ఒకటి పెద్దది చేయమంటే ఇంకోటి చిన్నది కావాలి. అది ఏదో మీరు చెప్పకపోతే డిజైనర్ ఊహించుకుంటాడు. రెండో మార్పులో ఫోటో చిన్నది చేయమని రాయడం వల్ల ధర అక్షరాలు నిలిచాయి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

"కొంచెం గ్రాండ్‌గా", "రిచ్‌గా", "ఏదో లోటుగా ఉంది". ఒకరికి గ్రాండ్ అంటే బంగారు రంగు, ఇంకొకరికి ఖాళీ జాగా ఎక్కువ ఉండటం. ఆ మాట రాయబోతున్నప్పుడు "ఏది చూసి నాకు అలా అనిపించింది?" అని ఆగి చూసుకోండి. అక్షరాలు సన్నగా ఉన్నాయా, రంగు వెలిసినట్టుందా, కుడివైపు ఖాళీగా ఉందా? దొరికింది రాయండి. దొరక్కపోతే ఆ మాట మెసేజ్‌లో పెట్టకండి.

"పైది బాగుంది, కిందది వద్దు." మీరు ఫోటోలని ఇంట్లో గ్రూపులోకి ఫార్వర్డ్ చేసి, అక్కడి నుంచి చూసి రాస్తే వరస మారిపోయి ఉండొచ్చు. డిజైనర్‌కి ఏది పైదో ఎలా తెలుస్తుంది? రంగుతో పిలవండి. ఒకే రంగులో రెండు ఉంటే, వాట్సాప్‌లో ఆ ఫోటోనే పక్కకి జరిపి దానికే రిప్లై ఇవ్వండి.

వాయిస్ మెసేజ్‌లు. చెప్పడం మీకు తేలికే. కానీ ప్రింటింగ్ షాపులో మెషీన్ చప్పుడు మధ్య పనిచేసే మనిషి, నాలుగో మార్పు ఏమిటో చూడాలంటే మొత్తం మళ్లీ వినాలి. టైప్ చేయడం కష్టమైతే ఫోన్‌లో మైక్ నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు వస్తాయి. తప్పులు దిద్ది పంపండి.

ఒకే షాపు నుంచి ముగ్గురు మూడు మాటలు చెప్పడం. పొద్దున నాన్నగారు ఎరుపు అంటారు, మధ్యాహ్నం బావగారు ఫోన్ చేసి ఫోటోలది అంటారు, సాయంత్రం మీరు పసుపు అంటారు. డిజైనర్ చివరగా ఎవరు చెప్పారో అదే చేస్తాడు. ఇంట్లో వాళ్ల మాట తప్పకుండా వినాలి, కానీ మెసేజ్ వెళ్లేలోపే. వాళ్లకి కూడా మూర దూరం నుంచి చూపించి, మీ కాగితం మీద రాసిన మూడు మాటలు చదివి వినిపించండి. పెద్దవాళ్లు అమ్మవారి ఫోటో కావాలంటే, ఫ్లెక్సీ తర్వాత ఏమవుతుందో చెప్పి చూడండి. దాదాపు అందరూ అర్థం చేసుకుంటారు.

మూడూ బాగున్నాయని రాయడం. డిజైనర్ బాధపడతాడేమో అని చాలామంది ఇలా రాస్తారు. అతనికి దీనివల్ల పని ఆగిపోతుంది. కారణం చెప్పి వద్దంటే మాకు బాధ ఉండదు. కారణం లేకుండా నాలుగుసార్లు తిప్పితేనే ఉంటుంది.

## 8. ర్యాంకు తేలనప్పుడు

రెండు డ్రాఫ్టులు పరీక్షల్లో సమానంగా వస్తే, దేనికి తక్కువ మార్పులు కావాలో చూడండి. మాట దిద్దడం, రంగు మార్చడం చిన్న పనులు. అంశాల చోట్లు మార్చడం పెద్ద పని, దాదాపు కొత్త డ్రాఫ్టే. చిన్న పనులతో తేలిపోయే దాన్ని మొదట పెట్టండి.

మూడింటిలో ఏదీ మూడు సెకన్ల పరీక్ష నెగ్గకపోతే ర్యాంకింగ్ రాయొద్దు. తక్కువ చెడ్డదాన్ని మొదటిదిగా ఎంచుకుంటే దాన్ని బాగుచేయడానికే రోజులు పోతాయి. మొదటి భాగంలో రాసుకున్న మూడు మాటలు, వీధి ఫోటో కలిపి పంపి, "మూడింట్లోనూ ధర వెనకబడింది, ధరని పెద్దగా పెట్టి ఒక్క డ్రాఫ్ట్ కొత్తగా చేయగలవా?" అని అడగండి. చాలాసార్లు తప్పు డ్రాఫ్టులో ఉండదు. మనం మొదట ఇచ్చిన వివరాల్లో ఆ వరస లేకపోవడమే కారణం. అందుకే అదనపు పనికి డబ్బులు అడిగితే అది న్యాయమే అనుకోండి.

## 9. సవరించిన డ్రాఫ్ట్ వచ్చాక

ఇప్పుడు ర్యాంకింగ్ పని అయిపోయింది. మళ్లీ ఎర్ర డ్రాఫ్ట్ తెరిచి పోల్చొద్దు. మీరు రాసిన నాలుగు మార్పులూ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే టిక్ కొట్టండి, కదపొద్దన్నవి అలాగే ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత అక్షరాలు.

మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపిన తెలుగు, పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే విడిపోతుంది. అందుకే చాలా చోట్ల డిజైనర్ "అను" అనే తెలుగు ఫాంట్లలో మళ్లీ మొదటి నుంచి టైప్ చేస్తాడు. అంటే మీరు సరిగ్గా పంపిన మాటలో కూడా కొత్త తప్పు వచ్చే వీలుంది. ప్రతి మార్పు తర్వాతా ప్రతి మాటా చదవాలి, మారని వాటితో సహా.

ప్రింట్‌కి ముందు చూడాల్సినవి:

- [ ] షాపు పేరులో ప్రతి వత్తు, ప్రతి దీర్ఘం
- [ ] "నుంచి" ఉందా, మూర దూరం నుంచి కనపడుతోందా
- [ ] ఫోన్ నంబర్: ఆ ఫోటోలో చూసి మీరే డయల్ చేయండి, మోగాల్సిన ఫోనే మోగాలి
- [ ] ఆఫర్ చివరి తేదీ, వారం రెండూ క్యాలెండర్‌తో సరిపోయాయా
- [ ] నాలుగు అంచుల నుంచీ అక్షరాలు కనీసం మూడు నాలుగు అంగుళాలు లోపలికి ఉన్నాయా (ఫ్రేముకి మడిచినా, రింగులు కొట్టినా ఆ జాగా పోతుంది)
- [ ] సైజు 12 × 4 అడుగులు అనే రాశారా, వెడల్పు ముందు ఎత్తు తర్వాత అని ఇద్దరికీ తెలుసా

తప్పు ప్రింటయ్యాక దొరికితే, ఆ ఒక్క అక్షరాన్ని మార్చలేం. 48 చదరపు అడుగులూ మళ్లీ కొట్టాలి. మీరు ఓకే అన్న ఫైల్‌లో తప్పుంటే ఆ ఖర్చు మీదే అవుతుంది.

అందుకని ఓకే చెప్పే మెసేజ్ కూడా "ఓకే" అని ఒక్క ముక్కలో పంపొద్దు. చివరి ఫోటోకే రిప్లై ఇస్తూ ఇలా రాయండి:

> తమ్ముడూ, గురువారం సాయంత్రం పంపిన ఈ పసుపు డ్రాఫ్టే ఫైనల్. అక్షరాలు, నంబర్ అన్నీ చూశాను. 12 వెడల్పు, 4 ఎత్తు, ఒక్కటి ప్రింట్‌కి ఇచ్చెయ్యి. అసలు ఫైల్ దాచి ఉంచు, సంక్రాంతికి తోరణం, ధర మార్చి వాడదాం.